చలికి పేరుకునే ఇంధనం, ఉబ్బే రబ్బరు

మా ఊరు ఆదిలాబాదు వైపు. పుష్యమాసంలో మా దగ్గర చలి ఎట్లుంటుందో హాస్టల్ మిత్రులకు చెబితే అతిశయోక్తి అనుకుంటారు. తెల్లవారుజామున పాదరసం ఏడెనిమిది డిగ్రీలకు దిగడం మాకు మామూలే, ఇంకా కిందికి దిగిన ఏళ్ళూ ఉన్నాయి. కొబ్బరినూనె సీసాను పొయ్యి దగ్గర పెట్టుకుని తలకు రాసుకోవడం మా ఇంట్లో చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఆ సీసాకూ ఆయిలింజనుకూ చుట్టరికం ఉన్నదన్న సంగతి మాత్రం నాకు కిందటి జనవరిలో గానీ తెలిసి రాలేదు. తెలిసి వచ్చిన తీరు కూడా అంత గౌరవంగా లేదు.

మా పెద్దనాయనకు వాగు ఒడ్డున ఐదు హార్సుపవరు పాత ఆయిలింజను ఉంది. కరెంటు రాని వేళల్లో యాసంగి జొన్నకు అదే దిక్కు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు రోడ్డుమీద ఒకాయన డ్రముల్లో బయోడీజిల్ అమ్ముతున్నాడనీ, డీజిల్ కంటే చవకనీ తెలిసింది. "నువ్వు సైన్సు చదువుతున్నవు గద బిడ్డా, పొయ్యొచ్చునా?" అని పెద్దనాయన అడిగాడు. నేను పెద్ద మేధావిలాగా, "నూటికి ఇరవై వంతులు కలిపితే ఏమీ కాదు పెద్దనాయనా, దాన్ని బి-20 అంటారు" అని చెప్పి సెలవులు అయిపోగానే ఊరు విడిచి వచ్చాను. పది లీటర్ల ట్యాంకులో రెండు లీటర్లు అది, ఎనిమిది లీటర్లు మామూలు డీజిల్. లెక్క తప్పు కాదు. ఆ తరువాత జరిగిందంతా ఆ లెక్కలో కనిపించని సంగతి.

మొదటి వారంలోనే ఫిల్టరు మూసుకుపోయింది. విప్పి చూస్తే నల్లటి మడ్డి, తుప్పు. కడిగి బిగించాక రెండు నెలలకు పైగా ఇంజను బాగానే నడిచింది. సంక్రాంతి ముందర ఒక తెల్లవారుజామున స్టార్టు చేస్తే రెండు నిమిషాలు ఆడి ఆగిపోయింది. మళ్ళీ తిప్పినా పలకలేదు. జొన్న పొట్టమీద ఉన్న సమయం. ఆ పూట వాగు నీళ్ళు ఎక్కలేదు, ఆ మరునాడూ ఎక్కలేదు. పండక్కి నేను ఇంటికి చేరేసరికి ఊళ్ళో అందరూ అంటున్న మాట ఒక్కటే: "సదువుకున్న పిలగాడు చెప్పిండని ఇంజన్ల నూనె పోసిండు." పెద్దనాయన మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఫిల్టరు గిన్నె విప్పితే లోపల తెల్లగా, పేరిన నెయ్యిలాంటి పదార్థం ఉంది. దసరానాటి నల్ల మడ్డి కాదు. చెంబుడు వేణ్ణీళ్ళు గిన్నెమీద పోస్తే అది కళ్ళముందే కరిగి పసుపుపచ్చని నూనె అయింది. దాంతో సగం సంగతి తేలిపోయింది. మిగతా సగం కోసం ట్యాంకు అడుగునుంచి ఒక సీసా, పైనుంచి ఒక సీసా పట్టి కాలేజీకి తెచ్చాను. మా కెమిస్ట్రీ లెక్చరరుగారు సాయంత్రాలు లేబొరేటరీ వాడుకోనిచ్చారు. ఆ రెండు సీసాలు చెప్పిన కథే ఈ వ్యాసం.

ముందు డీజిల్ అంటే ఏమిటో, బయోడీజిల్ అంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం. నేలలోంచి తీసిన ముడిచమురును బట్టీపట్టగా వచ్చేది డీజిల్. అందులో ఉన్నవి కర్బనం, ఉదజని మాత్రమే కలిసిన గొలుసులు. బయోడీజిల్ చెట్టునూనెనుంచో జంతువుల కొవ్వునుంచో వస్తుంది. నూనె అణువులో మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిజరిన్ వెన్నెముకను పట్టుకుని ఉంటాయి. కాస్టిక్ సోడా సాయంతో మిథనాల్ కలిపి వేడిచేస్తే గ్లిజరిన్ విడిపోయి అడుగుకు దిగుతుంది. మూడు కొవ్వు ఆమ్లాలూ తలా ఒక మిథనాల్‌ను పట్టుకుని విడివిడి ఎస్టర్లవుతాయి. ఈ మిథైల్ ఎస్టర్ల మిశ్రమమే బయోడీజిల్. నూనె చిక్కదనం పోయి దాదాపు డీజిల్ అంత పలచనవుతుంది కాబట్టి ఇంజనును మార్చకుండానే పోయవచ్చు. (మిథనాల్ విషం, దాని ఆవిరీ మంచిది కాదు. వంటింట్లో ప్రయత్నించే పని కాదు ఇది.) ఎస్టరులో ఆక్సిజన్ కూడా ఉంటుంది, బరువులో నూటికి సుమారు పదకొండు వంతులు. ఆక్సిజన్ మండదు, మండించడానికి పనికొస్తుందంతే. అందువల్ల లీటరుకు వచ్చే వేడి డీజిల్ కంటే కొంచెం తక్కువ. బి-20 మిశ్రమంలో ఆ నష్టం నూటికి రెండు వంతులకు మించదు. మా పెద్దనాయన అయితే దాన్ని కనిపెట్టనే లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గ్లిజరిన్ పోయినా, నూనె తన పుట్టుకను మరిచిపోదు. ఏ గింజనుంచి వచ్చిందో ఆ గింజ కొవ్వు ఆమ్లాలన్నీ ఎస్టర్లలోకి అట్లాగే వస్తాయి. వాటిలో రెండు జాతులున్నాయి. ఒకటి సంతృప్త ఆమ్లాలు. ఇవి నిటారుగా ఉండే గొలుసులు, కట్టెలమోపులో కట్టెల్లాగా పక్కపక్కన చక్కగా సర్దుకుంటాయి. కాబట్టి తొందరగా గడ్డకడతాయి. రెండోవి అసంతృప్తాలు. వీటి గొలుసులో జంటబంధం దగ్గర ఒక వంపు ఉంటుంది. వంకర కట్టెలతో మోపు కట్టబోతే ఏమవుతుందో మనకు తెలుసు, అవి సర్దుకోవు. కాబట్టి బాగా చల్లబడితే తప్ప గడ్డకట్టవు. అంకెల్లో చెప్పాలంటే, పామిటిక్ ఆమ్లపు మిథైల్ ఎస్టరు 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, స్టియరిక్‌ది 38 డిగ్రీల దగ్గర కరుగుతాయి. అదే ఓలియిక్ ఎస్టరు సున్నాకు 20 డిగ్రీలు కింద, లినోలియిక్ ఎస్టరు సుమారు 35 డిగ్రీలు కింద కరుగుతాయి. గొలుసు పొడవు అంతా ఒకటే అయినా ఒక్క వంపుతో స్టియరిక్‌కూ ఓలియిక్‌కూ మధ్య దాదాపు 58 డిగ్రీల తేడా!

పామ్ ఆయిల్‌లో నూటికి నలభై పైచిలుకు వంతులు పామిటిక్ ఆమ్లమే. అందుకే పామ్ బయోడీజిల్ 13 నుంచి 16 డిగ్రీల మధ్యనే మబ్బుపడుతుంది. సోయా బయోడీజిల్ సున్నా దగ్గరదాకా తేటగా ఉంటుంది, ఆవనూనె జాతి రేప్‌సీడ్ బయోడీజిల్ ఇంకాస్త కిందికి కూడా ఓర్చుకుంటుంది. ఇండొనీషియాలో 2025 నుంచి డీజిల్‌లో నూటికి నలభై వంతులు పామ్ బయోడీజిల్ కలుపుతున్నారు. అక్కడ పామ్ తోటలున్నాయి, చలికాలం లేదు. ఆ మిశ్రమాన్నే తెచ్చి మా వాగు ఒడ్డున పుష్యమాసంలో పోస్తే ఏమవుతుందో నేను చూసినంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు.

మన కానుగ సంగతి ఏమిటని అడగవచ్చు. మా జిల్లాకు కానుగతో పాత పరిచయమే ఉంది. పవర్‌గూడ అనే గిరిజన గ్రామం కానుగ నూనె వాడకంవల్ల గాలిలోకి పోకుండా ఆగే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకుగాను 2003లో ప్రపంచ బ్యాంకునుంచి 645 డాలర్లు అందుకుంది. కానుగ నూనెలో సగానికి సగం ఓలియిక్ ఆమ్లమే, అది మంచి గుణం. కానీ కొద్దిపాటి బెహెనిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాని గొలుసు పొడవు, ఎస్టరు కరిగేది 50 డిగ్రీలు దాటాక. అంత పొడుగాటి గొలుసు నూటికి నాలుగైదు వంతులున్నా చాలు, చలికి ముందుగా పేరి మిగతావాటికి తోవ చూపిస్తుంది. కాబట్టి కానుగ పామ్ కంటే మేలే, కానీ సోయాతో సమానం కాదు. పైగా గింజలు తడిలో నిలవ ఉంటే నూనెలో పులుపు పెరుగుతుంది. అట్లాంటి నూనెలో నేరుగా కాస్టిక్ వేస్తే బయోడీజిల్‌కు బదులు సబ్బు తయారవుతుంది. ముందు ఆమ్లంతో ఒక దఫా శుద్ధిచేసి, ఆ తరువాతే కాస్టిక్ వేయాలి.

"మబ్బుపడటం" అన్నాను, ఆ మాటను కాస్త విప్పాలి. ఇంధనాన్ని మెల్లగా చల్లబరుస్తూ పోతే ఒక దగ్గర తేటదనం పోయి పొగమంచు కమ్మినట్లవుతుంది. మొదటి స్ఫటికాలు పుట్టాయన్నమాట. అది మబ్బు బిందువు. ఇంకా చల్లబరిస్తే పాత్రను వంచినా కదలని స్థితి వస్తుంది. ఇంజను ఆగేది ఈ రెండింటి మధ్య ఎక్కడో, స్ఫటికాలు ఫిల్టరు రంధ్రాలను మూసేసే దగ్గర. దాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ఇంధనాన్ని డిగ్రీ డిగ్రీ చల్లబరుస్తూ, 45 మైక్రాన్ల రంధ్రాలున్న జాలిగుండా 20 మిల్లీలీటర్లు పీలుస్తారు. ఒక్క నిమిషంలో అంత రాకపోతే ఆ ఉష్ణోగ్రతే ఫిల్టరు మూసుకునే స్థానం. మన దేశపు ప్రమాణాల్లో డీజిల్‌కు ఇది చలికాలంలో 6 డిగ్రీలు, వేసవిలో 18 డిగ్రీలు దాటకూడదని ఉంది. అంటే రాతిడీజిల్ కూడా చలికి అతీతం కాదు, దానిలోనూ మైనం ఉంది. కాకపోతే రిఫైనరీవాళ్ళు కాలాన్నిబట్టి పాళ్ళు సవరిస్తారు. డ్రముల్లో అమ్మే ఆయనకు ఆ బాధ లేదు.

లేబొరేటరీలో నేను చేసింది చాలా చిన్న పని. రెండు సీసాలను ఐసునీళ్ళలో నిలబెట్టి, థర్మామీటరు ఉంచి, మెల్లగా కదుపుతూ చూశాను. ట్యాంకు అడుగు సీసా 15 డిగ్రీల దగ్గరే మబ్బుపడి, 10 డిగ్రీలకు వచ్చేసరికి నెయ్యిలాగా అయింది. పై సీసా మాత్రం 8 డిగ్రీల దగ్గర కూడా తేటగానే ఉంది. నిజంగా బి-20 అయి ఉంటే రెండూ ఒకే మాట చెప్పాలి కదా! అప్పుడు పెద్దనాయనకు ఫోను చేసి, ఏది ముందు పోశావని అడిగాను. "బయోడీజిల్ ముందు పోసిన, పైనుంచి డీజిల్ పోసిన. పొద్దుమీకినంక పోసిన" అన్నాడు.

అదీ కారణం. బయోడీజిల్ లీటరు సుమారు 880 గ్రాములు తూగితే, డీజిల్ 830, 840 గ్రాముల దగ్గర ఉంటుంది. రెండూ ఒకదానిలో ఒకటి ఇష్టంగానే కలుస్తాయి, కానీ కలపాలి. చల్లని సాయంత్రం బరువైనదాన్ని అడుగున పోసి తేలికైనదాన్ని పైన పోస్తే, కుదుపు లేని ట్యాంకులో రెండూ రెండు పొరలుగా ఉండిపోతాయి. ఇంజనుకు పోయే గొట్టం ఉన్నది అడుగున. కాబట్టి ఇంజనుకు అందింది బి-20 కాదు, దాదాపు అచ్చమైన బి-100. అదికూడా, మబ్బుపడిన తీరునుబట్టి చూస్తే, పామ్ జాతిది. దసరానుంచి పోసే తీరు అదే అయినా, రాత్రులు వెచ్చగా ఉన్నన్నాళ్ళూ ఆ తప్పు బయటపడలేదు. రాత్రి ఎనిమిది డిగ్రీలకు దిగేసరికి పొర అంతా పేరింది. తెల్లవారి ఆడిన రెండు నిమిషాలూ ఫిల్టరు దాటి పంపులో మిగిలి ఉన్న ఇంధనంతో ఆడినవే. ట్రాక్టరులోలాగా ఈ ఇంజనుకు ఇంధనాన్ని తోసే పంపు కూడా లేదు, ట్యాంకు ఎత్తే దానికి బలం. కొద్దిగా పేరినా చాలు, ధార నిలిచిపోతుంది.

కలపడానికి పద్ధతి కష్టమైనదేమీ కాదు. ముందు డీజిల్ పోయాలి, తరువాత బయోడీజిల్. బయోడీజిల్ తన మబ్బు బిందువుకంటే కనీసం ఆరేడు డిగ్రీలు వెచ్చగా ఉండాలి, అంటే మధ్యాహ్నం ఎండలో. ట్యాంకులో కాక డబ్బాలో కలిపి, బాగా కదిపి, ఆ తరువాతే ట్యాంకులో పోయాలి. కొన్న ప్రతిసారీ ఒక సీసాను చల్లబరిచి చూస్తే, అమ్మినవాడు చెప్పినా చెప్పకపోయినా, నూనె తన పుట్టుక తానే చెబుతుంది.

ఫిల్టరు మూసుకుపోయిన ప్రతిసారీ చలినే అనుకోకూడదు. దసరాకు వచ్చిన నల్ల మడ్డి వేరే జబ్బు. బయోడీజిల్‌కు కరిగించే గుణం ఎక్కువ. పాత ట్యాంకు గోడలకు ఏళ్ళతరబడి పట్టి ఉన్న మురికిని ఊడదీసి ఫిల్టరులోకి తోస్తుంది. ఒకటి రెండు ఫిల్టర్లు మారిస్తే అది పోతుంది. మూడో రకం కూడా ఉంది. గ్లిజరిన్ పూర్తిగా విడిపోకుండా ఇంకా ఒక్క కొవ్వు ఆమ్లాన్ని పట్టుకుని ఉన్న అరకొర అణువులు మిగిలితే, అవి మబ్బు బిందువుకంటే పైనే మెల్లగా తేరి అడుగున పడతాయి. మైనం గది వెచ్చదనానికి కరిగిపోతుంది, ఇవి అంత సులభంగా కరగవు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 2005 సెప్టెంబరులో డీజిల్‌లో నూటికి రెండు వంతులు బయోడీజిల్ ఉండాలని నిబంధన పెట్టారు. డిసెంబరుకల్లా లారీల ఫిల్టర్లు మూసుకుపోయి, ఆ నిబంధనను కొన్నాళ్ళు ఆపవలసి వచ్చింది. ప్రమాణానికి తగని సరకు కొంత అందులో కలిసిందని తేలింది. రెండు వంతులకే అంత పని! వేణ్ణీళ్ళ చెంబు ఇక్కడ మంచి పరీక్ష. కరిగి ధార వస్తే అది మైనం, కరగని తెల్లని జిగురు అయితే తయారీలో లోపం, నల్లగా ఉంటే మీ ట్యాంకు మురికి.

ఇక రబ్బరు. ఇంజనును బాగుచేసి, ట్యాంకంతా కడిగి, పెద్దనాయన అచ్చమైన డీజిల్‌కు మారాడు. పీడ వదిలిందనుకున్నాం. పదిహేను రోజులు తిరక్కముందే గొట్టం బిగింపు దగ్గర, పంపు కింద చుక్కలు మొదలయ్యాయి. బయోడీజిల్ పోస్తున్నన్నాళ్ళూ కారని ఇంజను, డీజిల్ పోయగానే కారడమేమిటి? నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఇదే.

రబ్బరు రింగు రాయి కాదు. అది పొడవాటి గొలుసుల వల. తనకు దగ్గరి స్వభావం ఉన్న ద్రవం తగిలితే ఆ వల కొంత పీల్చుకుని ఉబ్బుతుంది. కొద్దిగా ఉబ్బడం మంచిదే, సందు గట్టిగా మూసుకుంటుంది. డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలు నైట్రైల్ రబ్బరును ఏళ్ళతరబడి ఇట్లాగే కొంత ఉబ్బించి ఉంచుతాయి. బయోడీజిల్ ఎస్టర్లు ఇంకా ఎక్కువగా చొరబడతాయి. చొరబడుతూనే, రబ్బరు మెత్తగా ఉండటానికి ఫ్యాక్టరీలో కలిపిన నూనెలాంటి పదార్థాన్ని మెల్లగా బయటికి లాగేస్తాయి. ఉబ్బిన రింగు తన గాడిలో నలిగి, చదునై, ఆ ఆకారానికే అలవాటుపడుతుంది. ఉబ్బి ఉన్నంతకాలం లోపం తెలియదు. డీజిల్‌కు మారగానే ఎస్టర్లు బయటికి పోతాయి, రింగు కుంచించుకుంటుంది. లోపలి మెత్తదనం అదివరకే పోయింది, ఇక సందు నింపే శక్తి ఉండదు. అంటే చెడింది మొదటి ఇంధనంలో, కారింది రెండో ఇంధనంలో. ఊళ్ళోవాళ్ళు డీజిల్‌లో కల్తీ ఉందన్నారు, పాపం దాని తప్పేమీ లేదు.

ఇది బయోడీజిల్ ఒక్కదాని గుణమే అనుకోవడం కూడా పొరపాటు. 1993 అక్టోబరులో అమెరికాలో గంధకం తగ్గించిన డీజిల్ వచ్చింది, కాలిఫోర్నియాలో దానితోపాటు ఆరోమాటిక్‌లనూ తగ్గించారు. వెంటనే ఎన్నో పాత ఇంజన్ల పంపుల్లో నైట్రైల్ రింగులు కారాయి. అందులో చెట్టునూనె చుక్క లేదు. ఉబ్బించే పదార్థం తగ్గి రింగులు కుంచించుకున్నాయి, అంతే. పాత రబ్బరుకు ఏ ఇంధనంతోనైనా పేచీ లేదు, ఇంధనం మారడంతోనే పేచీ.

దీన్ని తూచి చూడవచ్చు. సైకిలు ట్యూబు ముక్క ఒకటి, దుకాణంలో కొన్న నైట్రైల్ రింగులు, ఫ్లోరిన్ రబ్బరు (దుకాణాల్లో వైటాన్ అంటారు) రింగులు తెచ్చి, ఒక్కొక్కటి తూచి, డీజిల్, సరిగా కలిపిన బి-20, బి-100 ఉన్న మూత సీసాల్లో మూడు వారాలు ఉంచాను. తీశాక తుడిచి మళ్ళీ తూచడం. రెండు గ్రాముల రింగు 2.10 గ్రాములైతే నూటికి ఐదు పెరిగినట్లు లెక్క. సైకిలు ట్యూబు ముక్క బి-100లో ఉబ్బి, వేలితో నొక్కితే అంటుకునేంత పాడయింది. డీజిల్‌లోనూ అది బాగుపడలేదనుకోండి, ఇంధనం దగ్గర ఆ జాతి రబ్బరు అసలే పనికిరాదు. నైట్రైల్ రింగులు బి-100లో స్పష్టంగా మెత్తబడ్డాయి, బి-20లో మాత్రం డీజిల్ రింగులకూ వాటికీ నా తక్కెడ పెద్ద తేడా చూపలేదు. వైటాన్ మూడింటిలోనూ ఇంచుమించు మొదటి బరువే. నైట్రైల్‌లోనూ రకాలున్నాయి. ఎక్రిలోనైట్రైల్ పాలు ఎక్కువ ఉన్న రబ్బరు బాగా తట్టుకుంటుంది, చవక రకం తట్టుకోదు, చూడటానికి రెండూ ఒక్కలాగే నల్లగా ఉంటాయి. మూడు వారాలు తక్కువ కాలమని నాకు తెలుసు, వేడిగా ఉండే ఇంజను పక్కన రెండు నెలలంటే వేరే లెక్క.

ఇంకొక చిక్కుంది. చలికి ఓర్చే వంకర గొలుసులే గాలికి తొందరగా పాడవుతాయి. జంటబంధం దగ్గర ఆక్సిజన్ పట్టుకుని ఇంధనం పులుస్తుంది, నిలవ నూనె ముక్కిపోయినట్లే. రాగి, ఇత్తడి తగిలితే ఇంకా త్వరగా. పులిసిన బయోడీజిల్‌లోని ఆమ్లాలు, పెరాక్సైడులు రబ్బరును తాజాదానికంటే ఎక్కువ బాధిస్తాయి. కాబట్టి చలికి మంచిదని సోయాదో ఆవదో తెచ్చి ఎండాకాలమంతా డ్రములో నిలవ ఉంచితే, ఆ మేలు కాస్తా రబ్బరు దగ్గర పోతుంది. పామ్‌ది నిలవకు మంచిది, చలికి చెడ్డది. రెండు మంచిగుణాలూ ఒకే గింజలో దొరకవు. నా మట్టుకు నేను బి-20 దాటి పోయమని ఏ రైతుకూ చెప్పను. ఆ ఇరవై కూడా మూడు నాలుగు నెలల్లో ఖర్చయ్యేంతే కొనాలి.

ఉగాదికి వెళ్ళినప్పుడు పంపు సీళ్ళు వైటాన్‌వి వేయించి, గొట్టం మార్చాము. జొన్న దిగుబడి ఆ మడిలో తగ్గింది, ఎంత తగ్గిందో పెద్దనాయన నాకు చెప్పలేదు, పెద్దమ్మ చెప్పింది. మొన్న దీపావళికి మళ్ళీ కొంత బయోడీజిల్ తెచ్చాడట. ఫోనులో అడిగితే, "డబ్బల కలిపిన, డీజిలు ముందల పోసిన" అన్నాడు. కిటికీలో ఒక సీసా పెట్టి ఉంచాడట, పొద్దున లేవగానే అది తేటగా ఉంటేనే వాగుకు బయలుదేరుతున్నాడట.